12.6 మీటర్ల బడ్జెట్: యాభై కిలోమీటర్లు నీళ్లు నడిపించిన రోమన్లు

పోయిన నెల మా ఫ్లాట్‌లో బాత్రూమ్ టైల్స్ మార్పించాం. పనంతా అయ్యాక బకెట్ నీళ్లు గుమ్మరిస్తే, సగం నీళ్లు జాలీ వైపు వెళ్లాయి, సగం నీళ్లు తలుపు దగ్గరే నిలబడిపోయాయి. గది పొడవు రెండు మీటర్లు కూడా లేదు. "వాటం సరిగ్గానే పెట్టాను సార్, టైలే కొంచెం లేచింది" అన్నాడు మేస్త్రీ. మళ్లీ పగలగొట్టి వేయడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులు నేను ఫోన్‌లో వెతికి చదివిందంతా ఒకటే: రెండు వేల ఏళ్ల కిందట, పంపు లేకుండా, కరెంటు లేకుండా, యాభై కిలోమీటర్ల దూరం నీళ్లను వాటం మీదే నడిపించినవాళ్లు ఎలా చేశారు? రోమన్లు కట్టిన అలాంటి కాలువలు చాలా ఉన్నాయి. వాటిలో లెక్క బాగా తెలిసేది ఒకటుంది. అదే ఫ్రాన్స్ దక్షిణాన నీమ్ నగరానికి నీళ్లు తెచ్చిన కాలువ. క్రీస్తుశకం మొదటి శతాబ్దం మధ్యలో కట్టారు. అప్పట్లో ఊరి పేరు నెమౌసస్. ఈ కాలువ పేరు వినకపోయినా, దాని మీది వంతెన ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. మూడు వరసల కమానులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పాన్ దు గార్.

అందరూ వంతెన దగ్గర సెల్ఫీ దిగుతారు. అసలు ఇంజినీరింగ్ మాత్రం ఫొటోలో పడదు, ఎందుకంటే అది వాలులో ఉంది.

చేతిలో ఉన్నదెంత?

నీళ్లు మొదలయ్యేది ఉజెస్ అనే ఊరి దగ్గర, ఎర్ అనే ఊటలో. చేరాల్సింది నీమ్‌లో. నేరుగా గీత గీస్తే దూరం సుమారు 20 కిలోమీటర్లు. కానీ మధ్యలో రాతి గుట్టలు అడ్డం. నేరుగా వెళ్లాలంటే కిలోమీటర్ల కొద్దీ సొరంగం తవ్వాలి. అందుకని గుట్టల్ని చుట్టి వచ్చారు. దాంతో 20 కాస్తా 50 కిలోమీటర్లయింది.

ఇక ఎత్తు సంగతి. కాలువ మొదట్లో, చివర్లో అడుగు మట్టాలకు మధ్య తేడా 12.6 మీటర్లు. మన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తుంటుంది, అంతే. ఆ ఎత్తును యాభై కిలోమీటర్ల పొడవునా పంచాలి. సగటున కిలోమీటరుకు 25 సెంటీమీటర్లు. అంటే నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఒక్క మీటరు దిగుతారు. ఆ నేల మీద నిలబడినవాడికి అది వాలని తెలియనే తెలియదు.

దీన్ని నేను బడ్జెట్‌లా చూస్తాను. మా పనిలో ఒక పేజీ రెండు సెకన్లలో తెరుచుకోవాలంటే, ఆ రెండు సెకన్లనే సర్వర్, నెట్‌వర్క్, ఫోన్ పంచుకోవాలి. ఒకటి ఎక్కువ తీసుకుంటే ఇంకోదానికి తగ్గుతుంది. ఇక్కడా అదే కథ. ఎక్కడైనా ఒక మీటరు ఎత్తు ఎక్కువ ఖర్చు చేస్తే, ఆ మీటరు తర్వాత దొరకదు. దిగిపోయిన నీళ్లు మళ్లీ ఎక్కవు.

పోనీ, మొదట్లోనే గబగబా దించేసి, తర్వాత బల్లపరుపుగా పారిస్తే? కుదరదు. వాలు మరీ ఎక్కువైతే నీటి వేగానికి గోడల పూత అరిగిపోతుంది. మరీ తక్కువైతే నీళ్లు మందగించి బురద పేరుకుంటుంది, మట్టం పెరిగి అంచులు దాటి పొర్లుతుంది. అందుకే వాలుకు ఒక కనీస హద్దు పెట్టుకున్నారు. రోమన్ రచయిత ప్లినీ రాసిన కనీస వాలు మన కొలతల్లోకి మారిస్తే కిలోమీటరుకు సుమారు 20 సెంటీమీటర్లు. నీమ్ కాలువ సగటు ఆ హద్దుకు కాస్త పైన ఉంది. కొన్ని చోట్ల మాత్రం హద్దు దాటి బాగా కిందికి వెళ్లింది. అక్కడేమైందో తర్వాత చూద్దాం.

ఏటీఎం కార్డు మందంలో కొలత

ముందు అసలు ప్రశ్న. ఇంత చిన్న వాలును కొలిచిందెలా?

విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు కట్టడాల మీద రాసిన పుస్తకంలో ఒక పనిముట్టును వర్ణించాడు. పేరు కోరోబేటిస్. చూడ్డానికి పొడవాటి బల్లలా ఉంటుంది. పొడవు 20 రోమన్ అడుగులు, అంటే సుమారు ఆరు మీటర్లు. రెండు చివర్లా కాళ్లు. కాళ్లకూ పైబల్లకూ మధ్య అడ్డకర్రలు, వాటి మీద నిట్టనిలువు గీతలు. పైనుంచి దారాలకు కట్టిన గుండ్లు వేలాడుతుంటాయి. రెండు వైపులా దారాలు గీతల మీద సరిగ్గా కూర్చుంటే, బల్ల సమంగా ఉన్నట్టు.

గాలి వీచి దారాలు ఊగితే? దానికీ ఏర్పాటుంది. బల్ల పైన ఐదడుగుల పొడవున సన్నటి గాడి తవ్వి ఉంటుంది. అందులో నీళ్లు పోస్తారు. నీళ్లు రెండు అంచుల్నీ సమానంగా తాకితే బల్ల సమం. మన మేస్త్రీలు పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపి, ఈ గోడకీ ఆ గోడకీ మట్టం చూస్తారు కదా, సూత్రం అదే. నీళ్లకు సమమంటే ఏమిటో తెలుసు, దాన్నే అడిగితే చాలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. సగటు వాలు ప్రకారం ఆరు మీటర్ల బల్ల పొడవులో నేల ఎంత దిగాలి? ఒకటిన్నర మిల్లీమీటర్లు. మీ పర్సులోని ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు. అంటే రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఆరు మీటర్లకు రెండు కార్డులు!

అందుకే తప్పు ఎలా పోగవుతుందన్నది ఇక్కడ కీలకం. యాభై కిలోమీటర్లను ఆరు మీటర్ల బల్లతో, ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుపుకుంటూ కొలిచారనుకోండి. సుమారు 8,300 సార్లు జరపాలి. ఒక్కోసారి ఒక మిల్లీమీటరు తప్పు వస్తుందనుకుందాం. ఆ తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఎటుపడితే అటు వస్తే పెద్ద భయం లేదు. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం మీద మిగిలే తప్పు 8,300కు వర్గమూలమంత, అంటే దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. 12.6 మీటర్లలో అది లెక్కలోకి రాదు.

కానీ పనిముట్టులోనే లోపముంటే? ఒక కాలు ఇంకో కాలి కంటే మిల్లీమీటరు పొట్టిదనుకోండి. ప్రతిసారీ తప్పు ఒకే వైపు వస్తుంది. 8,300 సార్లకు 8.3 మీటర్లు. చేతిలో ఉన్నది 12.6. అందులో మూడింట రెండొంతులు ఒక పొట్టికాలు తినేసింది! బల్ల మీద పనిచేసేవాడికి ఏ పూటా తేడా కనబడదు. అన్ని కొలతలూ చక్కగానే వచ్చినట్టుంటాయి.

ఈ రెండో రకం తప్పును పట్టుకునే ఉపాయం చాలా సులువు, ఇవాళ్టికీ సర్వేలో వాడతారు. సమంగా ఉందని తేలిన బల్లను అక్కడికక్కడే తిప్పి, ఎడమ కాలున్న చోట కుడి కాలు వచ్చేలా పెట్టాలి. నిజంగా సమమైతే దారాలు మళ్లీ గీత మీదే పడతాయి. పడకపోతే తప్పు నేలలో లేదు, బల్లలో ఉంది. ఎంత తేడా వచ్చిందో అందులో సగం బల్ల లోపం. ఇంట్లో రసమట్టం ఉంటే మీరూ ఇలాగే పరీక్షించి చూడొచ్చు. మా మేస్త్రీ రసమట్టాన్ని నేను అలాగే తిప్పి చూశాను. బుడగ అటు పోయింది! టైలు పాపం ఏమీ లేవలేదు.

విట్రూవియస్ ఒక సరదా అభ్యంతరాన్ని కూడా ప్రస్తావించాడు. నీటి ఉపరితలం నిజానికి చదునుగా ఉండదు, భూమితో పాటు గుండ్రంగా ఉంటుందని ఆర్కిమిడీస్ అన్నాడు కదా, మరి నీళ్లతో మట్టం చూడటం సరైందేనా అని. ఆరు మీటర్ల బల్ల మీద ఆ వంపు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, మర్చిపోవచ్చు. కానీ ఒక కిలోమీటరు దూరాన్ని ఒకే చూపుతో గురిపెట్టి కొలిస్తే, వంపు వల్లనే దాదాపు ఎనిమిది సెంటీమీటర్ల తేడా వస్తుంది. కిలోమీటరుకు దిగాల్సింది 25 సెంటీమీటర్లయినప్పుడు, ఎనిమిది చాలా పెద్ద అంకె. కాబట్టి ఈ పనిలో దూరపు చూపు పనికిరాదు. చిన్న చిన్న అంగలే గతి.

వంతెన పొట్టిది చేయడానికి వాలు ఖర్చు

కాలువలో దాదాపు తొంభై శాతం నేల లోపలే ఉంది. కందకం తవ్వి, రాతి గోడలు కట్టి, పైన కమాను మూసి, మట్టి కప్పేశారు. లోపల వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు సుమారు 1.8 మీటర్లు. అంటే మనిషి లోపలికి దిగి శుభ్రం చేయొచ్చు. నీళ్లు తగిలే చోట సున్నంలో ఇటుక పొడి కలిపి పూత పూశారు. మన పాత కట్టడాల్లో సున్నం, సుర్కీ అంటామే, అదే జాతి.

ఊట నుంచి సుమారు 16 కిలోమీటర్లు వచ్చాక గార్డాన్ నది లోయ అడ్డం వస్తుంది. పాన్ దు గార్ ఇక్కడే ఉంది. ఎత్తు దాదాపు 49 మీటర్లు. రోమన్లు కట్టిన నీటి వంతెనల్లో ఇదే ఎత్తైనది.

ఇక్కడ బడ్జెట్ సమస్య ముదిరింది. కాలువ ఎంత ఎత్తులో లోయను చేరితే వంతెన అంత ఎత్తు కట్టాలి. ఒక్క మీటరు తగ్గినా రాయి, కూలీ, ప్రమాదం అన్నీ తగ్గుతాయి. కాబట్టి ఇంజినీరు వాలును అంతటా సమానంగా పంచలేదు. వంతెన కంటే ముందున్న భాగంలో వాలు ఎక్కువ పెట్టాడు. మొత్తం దూరంలో మూడో వంతు కూడా పూర్తికాకముందే, చేతిలోని ఎత్తులో సగానికి పైగా ఖర్చయిపోయింది. వంతెన ఆ మేరకు పొట్టిదైంది.

దానికి కట్టిన మూల్యం? మిగిలిన 34 కిలోమీటర్లను ఆరు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తుతో సర్దుకోవాలి. అంటే కిలోమీటరుకు 18 సెంటీమీటర్ల చుట్టుపక్కల. ప్లినీ చెప్పిన హద్దు కంటే తక్కువ. ఇక వంతెన మీదైతే, 456 మీటర్ల పొడవులో నేల దిగింది కేవలం రెండున్నర సెంటీమీటర్లు. మన ఆరు మీటర్ల బల్ల లెక్కలో చూస్తే మిల్లీమీటరులో మూడో వంతు. ప్రింటర్ కాగితాలు మూడు పెట్టినంత.

నీళ్లు ఏమంటాయి?

అంత బల్లపరుపుగా ఉంటే నీళ్లు ఎలా ప్రవర్తిస్తాయో ఒక సూత్రంతో చూడొచ్చు. సివిల్ చదివిన ఫ్రెండ్‌ని అడిగితే వెంటనే చెబుతారు, మ్యానింగ్ సూత్రం. ఇది పందొమ్మిదో శతాబ్దపుది, రోమన్లకు తెలియదు.

V = (1/n) × R^(2/3) × S^(1/2)

V నీటి వేగం. S వాలు. n గోడల గరుకుతనం, ఇలాంటి పూతకు 0.015 అనుకుందాం. R అంటే నీటి అడ్డుకోత వైశాల్యాన్ని, నీళ్లు తాకే గోడల పొడవుతో భాగిస్తే వచ్చేది.

ముందు సగటు వాలు దగ్గర చూద్దాం. 1.2 మీటర్ల వెడల్పు కాలువలో 75 సెంటీమీటర్ల లోతున నీళ్లున్నాయనుకుంటే వేగం సెకనుకు సుమారు అర మీటరు వస్తుంది. తీరుబడిగా నడిచే ముసలాయన వేగం. ఆ లెక్కన ఊట దగ్గర బయలుదేరిన నీటిచుక్క నీమ్ చేరడానికి 27 గంటలు. రోజుకు సుమారు 40,000 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే నాలుగు కోట్ల లీటర్లు. మన కాలనీలకు వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు నాలుగు వేలు! ఈ కాలువ మీద పనిచేసిన పరిశోధకులు చెప్పే అంకెలూ ఇలాగే ఉన్నాయి.

ఇప్పుడు వంతెన మీది వాలు పెట్టండి. వాలు నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయింది. సూత్రంలో వాలు వర్గమూలం కింద ఉంది కాబట్టి, అదే లోతుకు వేగం సగం కంటే తక్కువవుతుంది. కానీ వెనక నుంచి వచ్చే నీళ్లు తగ్గవు కదా. హైవే మీద టోల్ గేటు దగ్గర బండ్లు నెమ్మదించినట్టే. బండ్లు వరస కడతాయి, నీళ్లు లోతు పెంచుకుంటాయి. అదే పరిమాణం నీళ్లు ఆ వాలు మీద చాలా దూరం పారాలంటే, లెక్క ప్రకారం లోతు 75 సెంటీమీటర్ల నుంచి దాదాపు 1.4 మీటర్లకు పెరగాలి.

నిజంగానే అలాంటిది జరిగినట్టు కాలువ గోడలే చెబుతున్నాయి. వంతెన చుట్టుపక్కల భాగంలో గోడలను మొదట కట్టిన ఎత్తు మీద మళ్లీ పెంచిన ఆనవాళ్లున్నాయి. నీళ్లు వదిలాక అంచులు దాటి పొర్లింది, అప్పుడు గోడలు ఎత్తు చేశారు. కొలత తప్పలేదు, నీళ్లు సరైన దిక్కుకే వెళ్లాయి. తప్పింది నీటి లోతు అంచనా. వాలు తెలిస్తే లోతెంతో చెప్పే సూత్రం వాళ్ల దగ్గర లేదు మరి. టెస్టింగ్ అంతా నీళ్లు వదిలాకే! మా భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో బగ్ దొరికింది, అక్కడికక్కడే ప్యాచ్ వేశారు. ఆ ప్యాచ్ కొన్ని వందల ఏళ్లు పనిచేసింది.

గోడ మీది గీత

అప్పటి నీళ్లు ఎంత లోతున పారేవో ఇవాళ ఎలా తెలిసింది? దీనికి సాక్ష్యం ఆ నీళ్లే వదిలి వెళ్లాయి. ఊట నీళ్లలో సున్నం ఎక్కువ. మన ఇళ్లలో బోరు నీళ్లకు గీజర్ లోపల తెల్లటి పొర కడుతుంది చూడండి, అలాగే కాలువ గోడలకూ పొర కట్టింది. నీళ్లు తాకిన ఎత్తు దాకా పొర ఉంటుంది, ఆ పైన ఉండదు. కాబట్టి పొర ఆగిన చోటే నీటి మట్టం. చెట్టు కాండంలో వలయాల్లా ఆ పొరలో వరసలు కూడా కనబడతాయి. చాలా కాలం బాగా శుభ్రం చేసినట్టు, తర్వాత పట్టించుకోనట్టు వాటిని బట్టి పసిగట్టొచ్చు.

చివరికి కాలువను చంపింది కూడా ఆ పొరే. కొన్ని చోట్ల ఒక్కో గోడకు దాదాపు అర మీటరు మందం పేరుకుంది. 1.2 మీటర్ల వెడల్పులో రెండు వైపులా అర మీటరు పోతే మిగిలేదెంత? ఒక మనిషి పక్కకు తిరిగినా పట్టనంత సందు. వాలు ఎక్కువగా ఉన్న కాలువైతే కొంత నెట్టుకొచ్చేది. ఇక్కడ ఖర్చు పెట్టడానికి ఎత్తు మిగల్లేదు. శుభ్రం చేసే మనుషులు, వాళ్లకు జీతాలిచ్చే వ్యవస్థ ఉన్నంత కాలమే ఈ డిజైన్ నడుస్తుంది. రోమన్ పాలన బలహీనపడ్డాక ఆ పని ఆగింది. మెల్లగా నీళ్లూ ఆగాయి.

నీమ్‌లో నీళ్లు చేరిన తొట్టి మాత్రం ఇప్పటికీ ఉంది. రాతిలో తొలిచిన గుండ్రటి తొట్టి, వ్యాసం ఐదున్నర మీటర్లు. ఒక పక్క కాలువ వచ్చి కలిసే నోరు, ఎదురుగా గోడలో పది గుండ్రటి రంధ్రాలు. వాటికి సీసపు పైపులు బిగించి ఊళ్లోని వీధులకు నీళ్లు పంచేవారు. వంతెన దగ్గర జనం కిటకిటలాడుతుంటే, ఈ తొట్టి దగ్గర పెద్దగా ఎవరూ ఉండరు. యాభై కిలోమీటర్లు, 12.6 మీటర్లు, ఎన్ని వేల సార్లు జరిపిన బల్లో. వాటన్నిటి జవాబు ఆ గోడ మీద పది రంధ్రాలుగా ఉంది. నీళ్లు అక్కడి దాకా వచ్చాయి.

మా బాత్రూమ్‌లో ఇప్పుడు నీళ్లు జాలీ దాకా వెళ్తున్నాయి. మేస్త్రీ కొత్త రసమట్టం కొన్నాడు. కొన్న వెంటనే షాపు కౌంటర్ మీదే పెట్టి, ఒకసారి తిప్పి చూసుకున్నాడట.